పెళ్ళి బస్సులో వచ్చిన పది జ్వరాలు: శివరాత్రికి అత్తగారిని శ్రీముఖలింగం పంపవచ్చునా?

పర్లాకిమిడి_కోడలు
గత గురువారం రాత్రి బరంపురంలో మా పెద్ద మరిది పెళ్ళి జరిగింది. మగపెళ్ళివారం ముప్పై నాలుగు మందిమి పర్లాకిమిడి నుంచి ఒకే బస్సులో వెళ్ళి, శుక్రవారం పొద్దున్న అదే బస్సులో తిరిగి వచ్చాము. శనివారం రాత్రి ముగ్గురికి చలి, ఒళ్ళునొప్పులు, పొడి దగ్గు, నూట రెండు దాటిన జ్వరం మొదలయ్యాయి. ఆదివారం మరో ఐదుగురు, నిన్న సోమవారం ఇద్దరు మంచమెక్కారు. సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోవలసిన పెళ్ళికొడుకు దుప్పటి ముసుగు తన్ని పడుకుంటే, పెళ్ళికూతురు ఒక్కతే బిక్కముఖంతో కూర్చుంది.

ఇంట్లో అందరూ మా చిన్న మరిదినే వేలెత్తి చూపిస్తున్నారు. అతను సూరత్‌లో మగ్గాల మిల్లులో పని చేస్తాడు. పెళ్ళికి వస్తూ దారిలోనే జ్వరం తెచ్చుకున్నాడు. తలంబ్రాల వేళ అతను దగ్గిన దగ్గు వీడియోలో మంత్రాల కంటే గట్టిగా వినిపిస్తోంది. ఆ అబ్బాయి సిగ్గుపడి రెండు రోజులుగా అన్నం కూడా సరిగా తినడం లేదు.

నా అసలు బెంగ వేరే. మా అత్తగారికి డెబ్బై ఒకటో ఏడు, పన్నెండేళ్ళుగా చక్కెర జబ్బు ఉంది. ఇంతవరకు ఆవిడకు ఏమీ రాలేదు. ఈ ఆదివారం శివరాత్రి. కాపురానికి వచ్చిన నాటి నుంచి శ్రీముఖలింగంలో జాగరణ తప్పలేదని ఆవిడ పట్టుబడుతున్నారు. పంపవచ్చునా, కూడదా?

బంకుల_బాబాయి
దీనికి ఇంత ఆలోచన అక్కరలేదమ్మా, కారణం ఏసీయే. మాఘ మాసపు చలిలో ఏసీ మండపం, ఏసీ బస్సు, పైగా పళ్ళెం పక్కన ఐసులో పెట్టిన నీళ్ళ సీసా. మా రోజుల్లో తాటాకు పందిట్లో పెళ్ళిళ్ళు జరిగేవి, ఎవరికీ ఏమీ వచ్చేది కాదు.

జయపురం_పెదనాన్న
మాకు కూడా మొన్న కొరాపుట్‌లో ఒక గృహప్రవేశంలో అచ్చంగా ఇలాగే జరిగింది. పనీరు కూర పొద్దున్నే వండి మధ్యాహ్నం దాకా మూత పెట్టి ఉంచారు. సాయంత్రానికి పద్నాలుగు మందికి వాంతులు, విరేచనాలు. ముందుగా వంటవాణ్ణి నిలదీయండి.

పర్లాకిమిడి_కోడలు
పెదనాన్నగారూ, మావాళ్ళలో ఒక్కరికీ వాంతులు, విరేచనాలు లేవు. అందరికీ జ్వరం, దగ్గు, గొంతునొప్పి, కళ్ళ వెనక పోటు మాత్రమే. పనీరు కూర బాగానే ఉంది, మా ఆడపడుచు రెండుసార్లు వడ్డించుకుంది కూడా.

జయపురం_పెదనాన్న
అలాగైతే వంటవాణ్ణి వదిలేయండి.

వార్డు_సిస్టర్
గజపతి జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి జ్వరాల వార్డులో పందొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాను. పరీక్ష చేయకుండా ఇది ఫ్లూయేనని ఖాయంగా చెప్పలేము గాని, మీరు చెప్పిన లక్షణాలు, అందరూ ఒకే మూడు రోజుల్లో పడిపోయిన తీరు చూస్తే అనుమానం అటే పోతుంది. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. ఒకటి జనవరి నుంచి మార్చి దాకా, మరొకటి వానలు ముదిరిన తరువాత. మాఘ ఫాల్గుణాల ముహూర్తాలు సరిగ్గా మొదటి దానిలో పడతాయి, ఆలస్యంగా వచ్చిన శ్రావణం పెళ్ళిళ్ళు, దసరా రెండవ దానిలో పడతాయి. అందుకే మా వార్డులో పంచాంగం కూడా ఒకటి వేలాడుతూ ఉంటుంది.

మీ అత్తగారి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నాకు నాలుగు సంగతులు కావాలి. మీ చిన్న మరిదికి జ్వరం ఏ రోజున మొదలయింది? అతను మీతో బస్సులో వచ్చాడా? శనివారం కంటే ముందు ఇంకెవరికైనా, ముఖ్యంగా పిల్లలకు, ఒళ్ళు వెచ్చబడిందా? పడిపోయిన పదిమంది బస్సులో ఎక్కడెక్కడ కూర్చున్నారు?

రాయగడ_మాస్టారు
ఇక సిస్టర్‌గారు పంచనామా మొదలుపెట్టారు. అందరూ తమ తమ సీట్ల నెంబర్లు గుర్తు తెచ్చుకోవాలి.

పర్లాకిమిడి_కోడలు
రాత్రి భోజనాల దగ్గర అందరినీ అడిగి రాసుకున్నాను. చిన్న మరిదికి అంతకు ముందు శనివారం రైల్లో జ్వరం మొదలయింది. ఆదివారం ఇంటికి చేరాడు, మంగళవారానికి జ్వరం దిగింది, దగ్గు మాత్రం మిగిలింది. మీరు అడిగాక గుర్తుకు వచ్చింది, అతను బస్సు ఎక్కనే లేదు. దగ్గుతున్నాడని మా మామగారు కోప్పడితే స్నేహితుడి మోటారు సైకిల్ మీద బరంపురం వెళ్ళాడు, అలాగే వచ్చాడు.

శనివారానికి ముందు జ్వరం వచ్చినది మా ఆడపడుచు కొడుకు ఒక్కడికే, వాడికి ఆరేళ్ళు. శుక్రవారం తెల్లవారుజామున తిరుగు బస్సులో ఒళ్ళు కాలిపోయింది. నిద్ర లేక అనుకుని పారాసిటమాల్ మందు పట్టించి పడుకోబెట్టాము. గురువారం మధ్యాహ్నం వెళ్ళేటప్పుడు మాత్రం వాడు గుర్రంలా గెంతాడు. ముందు నుంచి ఐదు వరసల వరకు ఎవరి ఒడిలో పడితే వాళ్ళ ఒడిలో కూర్చుని అంత్యాక్షరి పాడాడు.

పదిమందిలో ఎనిమిది మంది ఆ ముందు వరసల వాళ్ళే. మిగిలిన ఇద్దరిలో ఒకరు పెళ్ళికొడుకు. అతను కారులో వెళ్ళాడు గాని, మండపంలో విడిది గదిలో వీడు అతని పక్కనే నిద్రపోయాడు. పదో ఆవిడ మా మేనత్త, చివరి వరసలో కూర్చున్నారు, ఆవిడకు ఎలా వచ్చిందో తెలియదు. మోటారు సైకిళ్ళ మీద వచ్చిన ఆరుగురికీ ఏమీ లేదు.

వార్డు_సిస్టర్
ఇప్పుడు రోజులు వెనక్కి లెక్కపెడదాము. ఫ్లూ సోకిన తరువాత జ్వరం బయటపడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు, ఎక్కువమందికి రెండు రోజులు పడుతుంది. శని, ఆది, సోమవారాల్లో పడిపోయిన వారికి వెనక్కి వెళితే గురువారం, శుక్రవారం వస్తాయి. అంటే బస్సు, మండపం, తిరిగి బస్సు.

ఇక ఎవరు అంటించారన్నది. ఫ్లూ వచ్చిన మనిషి జ్వరం తెలియడానికి ఒక రోజు ముందు నుంచే అంటించగలడు. మొదటి మూడు రోజులు ఉధృతంగా ఉంటుంది, ఐదు నుంచి ఏడు రోజుల్లో మామూలుగా తగ్గిపోతుంది, పిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. మీ చిన్న మరిదికి గురువారం నాటికి ఆరో రోజు. దగ్గు పెద్దగా ఉన్నా అప్పటికి అతని దగ్గర సరుకు అయిపోవచ్చింది. శుక్రవారం తెల్లవారుజామున జ్వరం వచ్చిన పిల్లవాడు గురువారం మధ్యాహ్నం గెంతుతున్నప్పుడే అంటించే స్థితిలో ఉన్నాడు. అందరూ దగ్గేవాణ్ణి దూరం పెట్టి, పాటలు పాడేవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ముందు రోజున చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

రాయగడ_మాస్టారు
సిస్టర్‌గారూ, మీ లెక్క బాగుంది గాని సగంలో ఆపేశారు. పిల్లవాడికి శుక్రవారం జ్వరం వచ్చిందంటే వాడికి మంగళవారమో బుధవారమో సోకి ఉండాలి. ఆ రోజుల్లో పెళ్ళింట్లో దగ్గుతున్నది ఎవరు? సూరత్ మామయ్యే కదా. మరిదిని నిర్దోషిగా విడుదల చేయడానికి నేను ఒప్పుకోను.

వార్డు_సిస్టర్
మాస్టారు చెప్పినది కొట్టిపారేయలేము. మంగళవారం అతనికి నాలుగో రోజు, అప్పుడు అంటించగలడు. అయితే ఆరేళ్ళ పిల్లవాడికి బడి కూడా ఉంటుంది. ఆ తరగతిలో ఆ వారం ఎంతమంది రాలేదో కనుక్కోండి.

సిరొంచ_తీరం
మా వైపు పద్ధతి వేరు. మేడారం జాతరకు మేము సిరొంచ నుంచి పైకప్పు లేని ట్రాక్టరులో వెళతాము. గద్దెల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. నా ఎరుకలో మా బండిలో ఎవరికీ జ్వరం రాలేదు. కాబట్టి జనం ఎక్కువైతే జబ్బు ఎక్కువన్న మాట నాకు నమ్మబుద్ధి కాదు.

బరంపురం_పులివేషం
సిరొంచవారి మాటలో కొంత నిజం ఉంది. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది, మొక్కు ఉన్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు, నాది పులివేషం. ఒక యాత్రలో మా జట్టు తొమ్మిది మందిలో ఆరుగురం ఒకేసారి జ్వరపడ్డాము. వీధిలో మాతో పాటు నడిచిన మా అన్నదమ్ములకు, తప్పెటల వాళ్ళకు రాలేదు. తరువాత ఆలోచిస్తే, రంగులు వేసుకునే గది పది అడుగులు ఉంటుంది, రంగు మీద దుమ్ము పడకూడదని కిటికీ మూసి, మూడు గంటలు అందులోనే ఉన్నాము. పైగా పులి తల ఒక్కటే ఉంటే ఇద్దరం మార్చుకుని పెట్టుకున్నాము. లోపల నా ముందువాడి ఊపిరి తడి ఇంకా ఆరలేదు.

రాయగడ_మాస్టారు
పులికి జలుబు చేస్తే గాండ్రింపు ఎలా ఉంటుందో విన్నవారు బరంపురంలో ఉన్నారన్నమాట.

వార్డు_సిస్టర్
పులివేషంగారు చెప్పిన గదే ఈ చర్చలో అసలు విషయం. జనసంఖ్య కంటే, మూసిన గాలిలో ఎంతమంది ఎంతసేపు కలిసి ఊపిరి పీల్చారన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఆరుబయట కూడా ముఖంలో ముఖం పెట్టి దగ్గితే అంటుకుంటుంది. కాని గాలి కదులుతూ ఉంటే తుంపరలు పలచబడిపోతాయి.

బాబాయిగారు ఏసీ అన్నారు, అది సగం నిజం. చల్లదనం వల్ల ఫ్లూ పుట్టదు, ఐసు నీళ్ళలో నుంచి రాదు. ఏసీ వేసినప్పుడు అద్దాలు, తలుపులు మూస్తారు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తారు. కీడంతా అక్కడే ఉంది. పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా గంటల తరబడి మూసిన బస్సులో పాటలు పాడుతూ వెళ్ళారు. మామూలు మాటల్లో కంటే పాటలో ఊపిరి తుంపరలు చాలా ఎక్కువగా బయటికి వస్తాయి. పైగా, మండపంలో అంతమంది ఉన్నా పడిపోయినవారు బస్సువాళ్ళు, విడిది గదివాళ్ళే కావడం చూడండి.

బంకుల_బాబాయి
ఏదైతేనేమి, ఏసీ అన్నాను, ఏసీయే అని తేలింది.

నాదస్వరం_గుణుపురం
నాది వేరే బాధ. మాఘంలో వారానికి మూడు పెళ్ళిళ్ళు వాయిస్తాను. నిరుడు జ్వరం వచ్చిన రెండో రోజున ఒక పెళ్ళి పడింది. బయానా పుచ్చుకున్నాను, మార్చడానికి వేరే మనిషి దొరకలేదు, పారాసిటమాల్ వేసుకుని వెళ్ళి వాయించాను. వేసుకున్న గంటకు ఒళ్ళు చల్లబడింది, తగ్గిపోయిందనే అనుకున్నాను. నాలుగు రోజుల తరువాత డోలు ఆయన, తాళం కుర్రాడు ఇద్దరూ పడుకున్నారు. మాస్కు పెట్టుకోమని అందరూ చెబుతారు, సన్నాయికి మాస్కు ఎక్కడ తగిలించను?

మందులకొట్టు
పెళ్ళిళ్ళ రోజుల్లో నా కొట్టుకు వచ్చేవాళ్ళలో సగంమంది మీలాంటివారే. "రాత్రికి రిసెప్షన్ ఉంది, అప్పటికి దిగేటట్టు ఇవ్వండి" అని అడుగుతారు. మాత్ర వేడిని దించుతుంది గాని వైరస్‌ను దించదు. పైగా జ్వరంతో మంచం మీద ఉండవలసిన మనిషిని లేపి జనంలోకి పంపుతుంది.

వార్డు_సిస్టర్
అందుకే జ్వరం తగ్గిందా లేదా అన్నది మాత్ర బలం మీద చూడకూడదు. మాత్ర వేసుకుని కనీసం ఆరు గంటలు గడిచాక, తరువాతి మాత్రకు ముందు థర్మామీటరు పెట్టాలి. వంద లోపు ఉంటే మాత్ర వేసుకోకుండా ఆగాలి. అలా ఇరవై నాలుగు గంటలు మాత్ర లేకుండా జ్వరం రాకుండా ఉండి, ఒంట్లో కూడా తేలిక పడితే అప్పుడు బయటికి రావచ్చు. అప్పుడు కూడా మరో నాలుగైదు రోజులు ముసలివాళ్ళకు, పసిపిల్లలకు దగ్గరగా వెళ్ళకుండా, నలుగురిలో మాస్కు వేసుకుని ఉండడం మంచిది.

సన్నాయి సంగతికి వస్తే, మాస్కు కుదరదు కాబట్టి మేళాన్ని గదిలో కాకుండా అరుగు మీద, గాలి వాటుకు కూర్చోబెట్టమని పెళ్ళివారిని అడగండి. జ్వరం ఉన్న రోజున వాయించవలసి వస్తే ఏమి చేయాలో నా దగ్గర జవాబు లేదు. బయానా తిరిగి ఇచ్చే స్తోమత అందరికీ ఉండదు.

పర్లాకిమిడి_కోడలు
ఇవన్నీ బాగున్నాయి గాని మా అత్తగారి విషయం అలాగే ఉండిపోయింది. గురువారం నుంచి నేటికి ఆరు రోజులు. మీరే నాలుగు రోజులన్నారు. అంటే ఆవిడ గండం గడిచినట్టే కదా?

వార్డు_సిస్టర్
గడవలేదమ్మా, ఈ లెక్కలోనే చాలామంది తప్పుతారు. నాలుగు రోజుల గడువు బస్సు దిగిన గంట నుంచి కాదు, జబ్బుమనిషి పక్కన ఆఖరుసారి ఉన్న గంట నుంచి మొదలవుతుంది. మీ ఇంట్లో శనివారం నుంచి జ్వరాలు ఉన్నాయి. ఆవిడ వాళ్ళకు గంజి పోస్తూ, తడిగుడ్డ వేస్తూ అదే ఇంట్లో తిరుగుతుంటే గడువు ప్రతి రోజూ కొత్తగా మొదలవుతోంది. ఆదివారం నాటికి ఆవిడ జబ్బు పడకుండా అంటించే దశలో ఉండవచ్చు, లేదా సరిగ్గా జాగరణ రాత్రే జ్వరం రావచ్చు.

కాబట్టి మొదటి పని, ఈ పూటే ఆవిడను విడి గదిలోకి మార్చండి, కిటికీలు తెరిచి పెట్టండి. జబ్బు పడినవారికి సేవ చేసే పని మీరో, ఇప్పటికే జబ్బు దాటినవారో చేయండి. మీ చిన్న మరిది ఉన్నాడు కదా, అందరి మాటలూ పడినవాడు ఇప్పుడు అందరికంటే పనికివచ్చే మనిషి. రెండవ పని, రేపు పొద్దున్నే ఆవిడను వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళి, ఇంట్లో పది జ్వరాలు ఉన్నాయని, ఆవిడకు చక్కెర ఉందని చెప్పండి. అరవై ఐదు దాటినవారు, చక్కెర, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు, గర్భిణులు, ఐదేళ్ళ లోపు పిల్లలు మన ప్రభుత్వ మార్గదర్శకాల్లో విడిగా చూడవలసిన వర్గం. అలాంటివారికి జ్వరం రాకముందే ఒసెల్టామివిర్ అనే మందు రోజుకు ఒకటి చొప్పున కొన్ని రోజులు ఇవ్వడం ఉంది. సంపర్కం జరిగిన రెండు రోజుల లోపు మొదలుపెడితేనే దానికి అర్థం ఉంటుంది. ఇవ్వాలా, ఎన్ని రోజులు అన్నది వైద్యుడు తేలుస్తారు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి, చక్కెర ఉన్నవారికి ఆ పరీక్ష చూడడం అవసరం.

మందులకొట్టు
చీటీ లేకుండా ఆ మందు ఇవ్వమని నన్ను అడగవద్దు. ఇంకొక మాట, ఆ పదిమందిలో ఎంతమంది చేతుల్లో యాంటీబయాటిక్ గోలీలు ఉన్నాయో చూడండి. వైరస్ మీద అవి పని చేయవు. 2023 మార్చిలో హెచ్‌3ఎన్‌2 అనే రకం ఫ్లూ జ్వరాలు దేశమంతా పెరిగినప్పుడు వైద్యుల సంఘమే ఊరికే యాంటీబయాటిక్‌లు రాయవద్దని ప్రకటన ఇచ్చింది.

పర్లాకిమిడి_కోడలు
ఏడుగురి చేతుల్లో ఉన్నాయి. వీధి చివర వైద్యుడు రోజుకు ఒకటి చొప్పున మూడు రోజులకు ఇచ్చారు, ఇద్దరికి సెలైన్ కూడా ఎక్కించారు.

రాయగడ_మాస్టారు
సెలైన్ ఎక్కకపోతే పెళ్ళివారికి వైద్యం జరిగినట్టు అనిపించదు.

సిరొంచ_తీరం
ఇంత భయం అవసరమా? శివరాత్రి జాగరణ ఆరుబయటే కదా. ట్రాక్టరు లెక్క ప్రకారం ఆవిడ మాస్కు వేసుకుని వెళితే సరిపోతుంది. పెద్దవాళ్ళ మొక్కును ఇంత తేలికగా తీసేయకూడదు.

వార్డు_సిస్టర్
మొక్కు విలువ నాకు తెలుసు. నేనూ ఏటా శివరాత్రికి మహేంద్రగిరి కొండ ఎక్కే ఇంటిదాన్నే. అందుకే ఆ రాత్రిని ముక్కలు చేసి చూద్దాము. వంశధార గాలి తగిలే చోట కూర్చుంటే ప్రమాదం తక్కువే. వెళ్ళే జీపులో పన్నెండు మంది కుక్కుకుని కూర్చుంటారు, అక్కడ ఎక్కువ. దర్శనం వరస గర్భగుడి దగ్గరకు వచ్చేసరికి సన్నబడి, గాలి ఆగిపోయి, ముందు మనిషి వీపుకు ముఖం ఆనుతుంది, అక్కడ అన్నిటికంటే ఎక్కువ. రాత్రి రెండింటికి నిద్ర ఆగక సత్రం గదిలో తలుపులు మూసుకుని పాతికమంది నడుం వాలుస్తారు. అది కూడా మీ పెళ్ళి బస్సు లాంటిదే.

ఆరోగ్యంగా ఉన్న మనిషి అయితే జీపులో, వరసలో ముక్కు మీద నుంచి గడ్డం దాకా సందు లేకుండా అతికే ఎన్95 మాస్కు వేసుకుని, నిద్రకు సత్రం కాకుండా మండపం ఎంచుకుంటే చాలావరకు సరిపోతుంది. మీ అత్తగారి చిక్కు అది కాదు. ఆవిడకు అక్కడ సోకుతుందన్న భయం కంటే, ఇంట్లో సోకినది అక్కడ బయటపడుతుందన్న భయం నాకు ఎక్కువ. చక్కెర ఉన్న మనిషి ఉపవాసంతో, నిద్ర లేకుండా, జ్వరంతో, ఆసుపత్రికి దూరంగా ఉండడం మంచిది కాదు. జీపులో పక్కన కూర్చునే మరో పదకొండు మంది కూడా ఉన్నారు. నా మాట అడిగితే ఈ ఏడాదికి వద్దంటాను.

సిరొంచ_తీరం
సత్రం మాట నిజమే. ప్రాణహిత పుష్కరాలకు 2022 ఏప్రిల్‌లో మా ఇంటికి చుట్టాలు పద్దెనిమిది మంది వచ్చి రెండు గదుల్లో పడుకున్నారు, నదిలో స్నానానికి వచ్చిన జలుబే అని మేమంతా అనుకున్నాము. అయినా అత్తగారి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు, ఆవిడను అడిగి నిర్ణయించాలి.

నాదస్వరం_గుణుపురం
ముందే టీకా వేయిస్తే ఈ గొడవ ఉండేది కాదు కదా? అయితే మా బావగారు ఒకసారి వేయించుకుని రెండు రోజులు జ్వరంతో పడుకున్నారు, టీకా వల్లే ఫ్లూ వచ్చిందని ఆయన అంటారు.

వార్డు_సిస్టర్
చేతికి వేసే టీకాలో బతికిన వైరస్ ఉండదు, కాబట్టి దాని వల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిపాటి వేడి కొందరికి వస్తాయి. అయితే శరీరంలో పట్టు ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, కాబట్టి ఈ ఆదివారానికి అది అక్కరకు రాదు. ఏటా వైరస్ రూపు మారుతుంది, అందువల్ల టీకాను కూడా ఏటా సరిచూసి అవసరమైతే మారుస్తారు, నిరుటి సూది ఈ ఏటికి లెక్కకు రాదు. వేయించుకున్నా కొందరికి ఫ్లూ వస్తుంది, కాని ఆసుపత్రి దాకా వెళ్ళడం తగ్గుతుంది.

పర్లాకిమిడి_కోడలు
ఈ రోజు బుధవారం. అత్తగారిని వైద్యుడికి చూపించాము. రక్తపరీక్ష చూసి ఒసెల్టామివిర్ రోజుకు ఒకటి రాశారు. ఆయాసం, ఛాతీనొప్పి, మగతగా ఉండడం, గోళ్ళు నీలం కావడం, కఫంలో రక్తం కనిపిస్తే ఏ వేళైనా వెంటనే తీసుకురమ్మన్నారు. పదిమందిలో మేనత్తకు మాత్రం దగ్గు తగ్గకుండా ఆయాసం మొదలయితే జిల్లా ఆసుపత్రిలో చేర్చాము.

బడి సంగతి కూడా కనుక్కున్నాను. పిల్లవాడి తరగతిలో మంగళవారం నలుగురు, గురువారం ఏడుగురు రాలేదట. టీచరుకు కూడా జ్వరమట.

రాయగడ_మాస్టారు
అంటే బడి నుంచి కూడా కావచ్చు, మామయ్య నుంచి కూడా కావచ్చు. కేసు తేలలేదు గాని మరిదికి సంశయ లాభం ఇవ్వవచ్చు. ఈ మాట అతనికి చదివి వినిపించండి, అన్నం తింటాడు.

బంకుల_బాబాయి
ఒంట్లో బాగులేదని పెళ్ళికి రాకపోతే మన వైపు పదేళ్ళు మాటలు ఉండవు. చదివింపులు ఎగ్గొట్టడానికి జ్వరం తెచ్చుకున్నాడని కూడా అంటారు. ముందు దానికి మందు చెప్పండి.

మందులకొట్టు
మా అన్నగారి అమ్మాయి పెళ్ళికి మేము ఒక పని చేశాము. ముహూర్తానికి రెండు రోజుల ముందు మా వదిన చుట్టాలందరికీ ఫోన్ చేసి, ఎవరికైనా జ్వరం ఉంటే ఇంట్లోనే ఉండండి, అక్షింతలు, స్వీటు ఇంటికి పంపిస్తాము, ఏమీ అనుకోము అని తానే ముందుగా చెప్పింది. పిలిచినవాళ్ళ నోటి నుంచే ఆ మాట వస్తే రానివాళ్ళకు సిగ్గు ఉండదు. ముగ్గురు మానేశారు. చదివింపులు మాత్రం ముగ్గురూ ఫోన్‌లోనే పంపారు.

జయపురం_పెదనాన్న
మా వాళ్ళకు అలా ఫోన్ చేస్తే రావద్దన్నారని ఊరంతా చాటుతారు. ఇది అన్ని ఇళ్ళలో చెల్లే పద్ధతి కాదు.

పర్లాకిమిడి_కోడలు
సోమవారం పొద్దున్న రాస్తున్నాను. అత్తగారికి ఇప్పటివరకు జ్వరం రాలేదు, మందు ఇంకా నడుస్తోంది. శ్రీముఖలింగం వెళ్ళలేదు. వీధి అరుగు మీద దీపం పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు, నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ బదులు చిన్న మరిది మాస్కు వేసుకుని వెళ్ళి విభూతి తెచ్చాడు. వాడి చేతి నుంచి తీసుకుని పెట్టుకున్నారు, దగ్గు తగ్గిందా అని కూడా అడిగారు. మేనత్తకు ఆక్సిజన్ తీసివేశారు, ఇంకో రెండు రోజుల్లో పంపిస్తామన్నారు. చివరి వరసలో కూర్చున్న ఆవిడకు ఎలా వచ్చిందో మాత్రం ఇప్పటికీ తెలియలేదు.

ఫాల్గుణంలో ఆడపడుచు మరిది పెళ్ళి ఉంది, ఇంకా మూడు వారాలు. అత్తగారికి, మామగారికి టీకా వేయించడం గురించి వైద్యుణ్ణి అడుగుతాను. బస్సు ఏసీ లేనిది మాట్లాడమని మావారితో చెప్పాను. నిన్న సాయంత్రం వెళ్ళి చూసి వచ్చారు. కిటికీలు పద్నాలుగు ఉన్నాయి, వాటిలో వెనక వైపు ఐదు తుప్పు పట్టి కదలడం లేదట.

వార్డు_సిస్టర్
ముందు రెండు, వెనక రెండు ఎదురెదురుగా తెరుచుకుంటే తప్ప గాలి బస్సు పొడుగునా పారదు. వెనకవి బాగుచేయించాకే బయానా ఇవ్వమనండి.